పూట మందు కాదు, గంట మందు

మందుల చీటీ మీద డాక్టరు ఏం రాసినా మందుల షాపు అబ్బాయి మన చేతిలో కవరు పెడుతూ చెప్పేది ఒకే మాట: "మూడు పూటలా, అన్నం తిన్నాక." చాలా మందులకు ఆ మాట సరిపోతుంది. పార్కిన్సన్స్ వ్యాధికి వాడే లెవోడోపా అనే మందుకు మాత్రం ఆ మాట చాలదు. చాలకపోవడమే కాదు, చాలా ఇళ్లలో ఆ మాటే మందును పాడు చేస్తోంది. ఎందుకంటే ఈ మందు పూటను బట్టి పనిచెయ్యదు, గడియారాన్ని బట్టి పనిచేస్తుంది. పైగా మన ఇళ్లలో పూట అందరికీ ఒకటి కాదు. మగవాళ్ల భోజనానికి ఒక వేళ ఉంటుంది. ఆడవాళ్లకు అందరూ తిన్న తర్వాత ఎప్పుడైతే అప్పుడు. మూడు పూటలా అని చెప్పిన మందు ఆ ఇంట్లో మగమనిషికి ఒక లెక్కన, ఆడమనిషికి ఇంకో లెక్కన అందుతుంది. ఇది వైద్యానికి సంబంధించిన విషయం, మన పత్రికకెందుకు అనుకునేవారికి నా జవాబు ఇదే.

పార్కిన్సన్స్‌ను మన ఊళ్లలో వణుకుడు జబ్బు అంటారు, ఆయుర్వేదం కంపవాతం అంటుంది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు దీని లక్షణాలను వివరంగా రాశాడు కాబట్టి ఆయన పేరు వచ్చింది. కనిపించేది వణుకే కానీ మనిషిని కూలదోసేది వణుకు కాదు, నెమ్మది. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి పదినిమిషాలు పడుతుంది. కుర్చీలోంచి లేవాలనుకున్నాక కాళ్లు కదలడానికి ఇంకా కాసేపు పడుతుంది. మాట సన్నబడుతుంది, అక్షరాలు చిన్నవైపోతాయి, ముఖంలో భావం తగ్గిపోయి కోపంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొందరికి వణుకు అసలే ఉండదు. వాళ్ల జబ్బును ముసలితనమనో బద్ధకమనో అనుకుని ఏళ్లు గడిపేస్తారు.

మెదడులో కదలికలను నడిపే ఒక చిన్న భాగంలో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల ఇది వస్తుంది. డోపమిన్‌ను నేరుగా మాత్రగా ఇస్తే రక్తంలోంచి మెదడులోకి పోదు. లెవోడోపా పోతుంది, పోయి అక్కడ డోపమిన్‌గా మారుతుంది. దారిలోనే అది ఖర్చయిపోకుండా కార్బిడోపా అనే మరొక మందును అదే మాత్రలో కలుపుతారు. 1960ల చివర్లో వాడుకలోకి వచ్చిన లెవోడోపాను మించి పనిచేసే మాత్ర ఈ జబ్బుకు ఈనాటికీ రాలేదు. ఇది జబ్బును నయం చెయ్యదు. కొన్ని గంటలపాటు కదలికను తిరిగి ఇస్తుంది, అంతే.

ఆ "కొన్ని గంటలు" అన్న మాట దగ్గరే అసలు కథ ఉంది. మాత్ర మింగిన అరగంటకో గంటకో పని మొదలుపెడుతుంది. రక్తంలోంచి తొందరగానే వెళ్లిపోతుంది, గంటన్నరలో సగానికి పడిపోతుంది. జబ్బు వచ్చిన తొలి ఏళ్లలో ఆ సంగతి తెలియదు. మిగిలివున్న కణాలు వచ్చినదాన్ని దాచుకుని కొంచెం కొంచెంగా వాడుకుంటాయి కాబట్టి రోజుకు మూడు మాత్రలతో రోజంతా గడిచిపోతుంది. ఒక మాత్ర ఆలస్యమైనా పెద్ద తేడా ఉండదు. ఏళ్లు గడిచి ఆ కణాలు ఇంకా తగ్గాక దాచుకునే చోటు ఉండదు. అప్పటినుంచి మనిషి మాత్ర వెంటే నడుస్తుంది. మాత్ర పనిచేసే వేళ లేచి తిరుగుతుంది, మాట్లాడుతుంది. మాత్ర దిగిపోయిన వేళ బిగుసుకుపోతుంది, వణుకుతుంది, చెమటలు పడతాయి, కారణం లేని భయం వేస్తుంది. డాక్టర్లు వీటిని ఆన్, ఆఫ్ అంటారు. ఇంట్లో వాళ్లు వేరే పేర్లు పెడతారు.

పొద్దున కూతురు వచ్చినప్పుడు చక్కగా మాట్లాడి, ఆమె వెళ్లిన అరగంటకు గ్లాసు ఎత్తలేకపోయిన తల్లిని చూసి "కూతురు ముందు ఒకటి, నా ముందు ఒకటి" అనుకోని కోడలు అరుదు. "పని చెప్తే చేతులు రావు, టీవీ ముందు కూర్చుంటే వస్తాయి" అన్న మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. ఆ మాట అనే మనిషి చెడ్డది కాదు. ఒకే మనిషి గంటకోరకంగా ఉంటే దాన్ని మనసుకు ముడిపెట్టడం తప్ప ఇంకో అర్థం ఆమెకు ఎవరూ చెప్పలేదు. స్త్రీల జబ్బులను నటన అనడం మనకు కొత్తా? ఇక్కడ మాత్రం ఆ నింద అబద్ధమని గడియారం చూపించి నిరూపించవచ్చు.

తెనాలి దగ్గర ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆమెకు అరవై ఒకటి. మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. జబ్బు బయటపడి ఆరేళ్లయింది. చీటీ మీద ఉన్నది రోజుకు మూడు మాత్రలు, ఒక్కో దాంట్లో 100 మిల్లీగ్రాముల లెవోడోపా, 25 మిల్లీగ్రాముల కార్బిడోపా. మాత్రలు ఒక్కటీ మానలేదు. అయినా పగలంతా మంచం, రాత్రి పదిన్నర దాటాక వంటింట్లో గిన్నెల చప్పుడు. "అత్తయ్యకు పగలు చాతకాదు, అందరం పడుకున్నాక మాత్రం ఇల్లంతా సర్దుతుంది" అని కోడలి ఫిర్యాదు. "నేనేం చెయ్యను, అమ్మాయ్, నాకు చేతులు అప్పుడే వస్తాయి" అని ఆమె జవాబు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఆ ఇంటికి వెళ్లే మన కార్యకర్త వాళ్లచేత ఒక నోటుపుస్తకంలో మూడు రోజులు రాయించింది. పేజీకి ఎడమపక్క గంటలు. మాత్ర ఎన్నింటికి, తిండి ఎన్నింటికి, ఏం తిన్నది. పక్కనే అరగంటకొకసారి ఒక అక్షరం: కదులుతుంటే "క", బిగుసుకుంటే "బి", తనకు తెలియకుండా ఒళ్లు మెలికలు తిరుగుతుంటే "మె", నిద్రపోతుంటే "ని". అంతకు మించి ఏమీ లేదు.

మూడు రోజులూ ఒకేలా ఉన్నాయి. ఐదున్నరకు మెలకువ, అప్పుడు "బి". మనవలు బడికి, కొడుకు షాపుకు వెళ్లాక మిగిలిన ఇడ్లీ తిని తొమ్మిదీ పావుకు మొదటి మాత్ర. పదింబావుకు "క". ఒంటిగంటకల్లా మళ్లీ "బి". రెండింబావుకు పప్పు, పెరుగుతో భోజనం, రెండున్నరకు రెండో మాత్ర, దానితోపాటే నీరసానికి ఇచ్చిన ఐరన్ మాత్ర. ఆ తర్వాత రాత్రివరకు "బి" తప్ప ఇంకో అక్షరం లేదు. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక కాస్త చారన్నం, తొమ్మిదిన్నరకు మూడో మాత్ర. పదిన్నరనుంచి ఒంటిగంటదాకా "క". రోజు మొత్తంలో ఆమెకు పూర్తిగా కలిసివచ్చిన రెండున్నర గంటలు అందరూ నిద్రపోయే వేళకు వచ్చాయి.

మధ్యాహ్నం మాత్ర ఏమైంది? పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తులున్న తిండి అరిగాక వచ్చే అణువులూ, లెవోడోపా అణువులూ పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి ఒకే ద్వారంగుండా పోవాలి. తిండి ముందు నిలబడితే మందు బయట ఆగిపోతుంది. నిండిన పొట్ట కూడా మాత్రను పేగులోకి ఆలస్యంగా వదులుతుంది. దానికితోడు ఇనుము లెవోడోపాను పట్టుకుని ముద్దగా చేసి పనికిరాకుండా చేస్తుంది. కాబట్టి ఈ మాత్ర తిండికి అరగంట ముందుగానీ గంట తర్వాతగానీ వేసుకోవాలి. ఐరన్ మాత్రకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. రక్తహీనత మన ఆడవాళ్లకు ఎంత సాధారణమో ఈ పాఠకులకు చెప్పక్కర్లేదు. ఆ రెండు మాత్రలూ ఒకే కవరులో పెట్టుకుని ఒకేసారి మింగే మనుషులు ఎందరో ఒకసారి చూడండి. ఇక రాత్రి మాత్ర ఎందుకు పనిచేసింది? ఆమెకు మిగిలింది చారన్నమే కాబట్టి, అందులో మందుకు అడ్డుపడేది ఏమీ లేదు కాబట్టి. చివర్లో తినడం ఆమె మందును పగలు పాడుచేసి, రాత్రి పనిచేయించింది.

నోటుపుస్తకం చూసిన నరాల డాక్టరు చీటీ మార్చి రాశాడు. ఈసారి పూటలు లేవు, అంకెలు ఉన్నాయి: పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6. మాత్ర ఒకటి పెరిగింది. ఆ పెంచడం ఆయన నిర్ణయం, అది ఇంట్లో సొంతంగా చేసుకునేది కాదు. టిఫిను ఏడింటికి, భోజనం ఒంటిగంటకు. పప్పు పూర్తిగా మానితే మనిషి చిక్కిపోతుంది కనుక ఎక్కువ భాగం రాత్రి భోజనంలోకి మార్చారు. ఐరన్ మాత్ర పడుకునే ముందు. ఇక్కడ అసలు ప్రశ్న వచ్చింది. ఆరింటికి మాత్ర ఎవరివ్వాలి? ఆ వేళకు ఆమె చేతులు సీసా మూత తియ్యలేవు. కోడలు పాలు, క్యారేజీల పనిలో ఉంటుంది. మామగారు అప్పటికే లేచి నడకకు తయారవుతూ ఉంటాడు. మాత్ర, గ్లాసెడు నీళ్లు ఆయన పని అయ్యాయి. ఆరేళ్లలో ఆ ఇంట్లో ఈ జబ్బుకు సంబంధించి ఒక మగమనిషికి అప్పగించిన మొదటి పని అదే.

వారం తిరిగేసరికి ఏడింటికల్లా ఆమె సొంతంగా మొహం కడుక్కుంటోంది. అన్నీ బాగుపడ్డాయని మాత్రం చెప్పలేను. ప్రతి మాత్రకూ ముందు అరగంట ఇంకా బరువుగానే గడుస్తుంది. రాత్రి పక్కమీద ఒకవైపునుంచి ఇంకోవైపు తిరగాలంటే ఎవరో లేవాల్సిందే. గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అంటుకుపోయినట్టు ఆగిపోతాయి, ఆ ఆగడం మందు పనిచేసే వేళ కూడా ఒక్కోసారి తప్పదు. పైగా కొత్తగా ఒకటి వచ్చింది. పదకొండింటికి మెడ, భుజం మెలికలు తిరగసాగాయి. ఇంట్లో వాళ్లు జబ్బు ముదిరిందని భయపడి ఇంకో మాత్ర వెయ్యబోయారు. నిజానికి అది మందు ఎక్కువై వచ్చే కదలిక. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. వణుకు ఒకే తీరున కొట్టుకుంటుంది, చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ, మాత్ర దిగిపోయే వేళ పెరుగుతుంది. మెలికలు నాట్యంలా ఒళ్లంతా పాకుతాయి, మాత్ర వేసుకున్న గంటకు, దాని బలం శిఖరాన ఉన్నప్పుడు వస్తాయి. ఒళ్లు తేలికగా ఉన్నవాళ్లలో అదే మాత్ర రక్తంలో ఎక్కువ చేరుతుంది. ఈ మెలికలు మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువగా రావడానికి అదొక కారణం. పుస్తకంలో పదకొండింటి ఎదురుగా వరుసగా "మె" చూసి డాక్టరు ఒక్కోసారికి మోతాదు కొంచెం తగ్గించాడు. ఆ అక్షరం లేకపోతే పెంచి ఉండేవాళ్లు.

ఇంకొక అలవాటు గురించి చెప్పాలి. మన ఆడవాళ్లు మాత్రలు దాచుకుంటారు. డబ్బు ఒక కారణం. "ఇప్పుడే ఎక్కువ వాడేస్తే ముందుముందు పనిచెయ్యదట" అన్న భయం ఇంకో కారణం. ఈ భయాన్ని ఒకప్పుడు డాక్టర్లు కూడా చెప్పేవారు. ఘానా దేశంలో మందు దొరక్క చాలా ఆలస్యంగా లెవోడోపా మొదలుపెట్టిన రోగులను, ఇటలీలో త్వరగా మొదలుపెట్టినవాళ్లను పోల్చి చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. మందు దిగిపోవడాలు, మెలికలు ఇద్దరికీ జబ్బు వచ్చిన దాదాపు అన్నేళ్లకే మొదలయ్యాయి. అంటే వాటి రాకను ప్రధానంగా నిర్ణయించేది మందు వాడిన కాలం కాదు, జబ్బు వయసు, రోజుకు వేసే మోతాదు. ఘానా స్త్రీ పురుషులు మందు లేకుండా గడిపిన ఆ ఏళ్లకు బదులుగా వాళ్లకు తర్వాత దక్కింది ఏమీ లేదు. కోడలికి ఇబ్బంది కలగకూడదని, కొడుకు ఖర్చు తగ్గాలని మధ్యాహ్నం మాత్ర ఎగ్గొట్టే తల్లికి ఈ సంగతి తెలియాలి. ఆమె రేపటికి దాచిపెడుతున్నది ఏదీ లేదు, ఇవాళ్టి మధ్యాహ్నాన్ని పోగొట్టుకుంటోంది.

భర్తకు ఈ జబ్బు వస్తే భార్య గడియారంగా మారుతుంది. ఆయన మాత్ర వేళకు ఆమె పెళ్లిలో ఉన్నా లేచి వస్తుంది, రాత్రి నాలుగుసార్లు లేచి పక్క తిప్పుతుంది. భార్యకు వస్తే ఎవరు గడియారమవుతారు? చాలా ఇళ్లలో కోడలు, లేదంటే పెళ్లికాని కూతురు, అదీ లేకపోతే ఎవరూ కారు. కుటుంబం చూసుకుంటుంది అన్నప్పుడు ఆ కుటుంబం ఒక స్త్రీ అని మనకు తెలుసు. పార్కిన్సన్స్‌లో ఆ చాకిరీకి ఒక ప్రత్యేకత ఉంది. అది గంటలవారీగా పంచడానికి వీలైన పని. ఆరింటిది ఒకరు, పదింటిది ఒకరు అని పేర్లు రాసి గోడకు అంటించవచ్చు. "నాకు చాతకాదు" అని ఏ మగవాడూ అనలేనంత చిన్న పని అది. మిగతా మాత్రలు వీలైనంతవరకు రోగి చేతిలోనే, తెరవడానికి తేలికైన డబ్బాలో, ఆమె దగ్గరే ఉండే ఫోను అలారంతో ఉండాలి. తన మాత్ర కోసం ఒకరి మొహం చూడవలసిన అవసరం ఆమెకు ఎంత తగ్గితే అంత మంచిది.

ఇంట్లో కుదిరిన వేళలు ఆసుపత్రిలో చెదిరిపోతాయి. తుంటి ఎముక విరిగి చేరిన మనిషి మాత్రలను సంచీలోంచి తీసి నర్సు బల్ల మీద పెడతారు, రౌండ్లు వచ్చినప్పుడు ఇస్తారు. ఆపరేషను ముందు ఏమీ తినకూడదు కనుక మాత్ర కూడా వద్దంటారు. లెవోడోపాను హఠాత్తుగా ఆపేస్తే ఒళ్లు కొయ్యబారి, తీవ్రమైన జ్వరం, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులకని మెటోక్లోప్రమైడ్, కలవరింతకని హాలోపెరిడాల్ ఇస్తే అవి డోపమిన్‌కు నేరుగా అడ్డుపడతాయి. తల తిరుగుడుకని మన దగ్గర ధారాళంగా రాసే సిన్నరిజిన్‌దీ అదే దారి. బ్రిటన్‌లో రోగుల సంఘాలు దీనిమీద ఏళ్లతరబడి పోరాడాయి. 2018లో అక్కడి వైద్య ప్రమాణాల సంస్థ నైస్ ఆసుపత్రిలోగానీ ఆశ్రమంలోగానీ ఉన్న పార్కిన్సన్స్ రోగికి లెవోడోపా, చీటీలో రాసిన సమయానికి అరగంట లోపల అందాలని ప్రమాణంగా పెట్టింది. అరగంట ఆలస్యాన్ని నాణ్యతా లోపంగా గుర్తించడం చిన్న విషయం కాదు. మన జిల్లా ఆసుపత్రుల్లో దీనికి యంత్రాలు, భవనాలు అక్కర్లేదు. కేసుషీటు మీద మాత్ర గంటలు రాయడం, మాత్రలు రోగి దగ్గరే ఉంచనివ్వడం చాలు.

మనదేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్ వ్యాధిని పేరుపెట్టి వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు చేతికి రావాలంటే ధ్రువపత్రం కావాలి, చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉందని డాక్టర్లు రాయాలి. ఆ పరీక్ష ఒక రోజు, ఒక గంటలో జరుగుతుంది. ఆ గంటకు మాత్ర పనిచేస్తుంటే ఆమె నడిచి వెళ్లి సంతకం పెడుతుంది, "ఈమెకేం వైకల్యం" అంటారు. పరీక్షకోసం మాత్ర మానుకుని వెళ్లమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. అది ప్రమాదకరం, అవమానకరం కూడా. గంటకోరకంగా ఉండటమే ఈ జబ్బు లక్షణం అయినప్పుడు బోర్డు అడగవలసింది రెండు వేళల గురించీ. నోటుపుస్తకం పేజీలు, రోజులో ఎన్ని గంటలు కదలలేదో రాసిన నరాల డాక్టరు ఉత్తరం జతచేసి ఇచ్చి, వాటిని చూడమని మనం గట్టిగా అడగాలి.

మన సంఘాలు వైద్యం చెయ్యలేవు, చెయ్యకూడదు. చేయగలిగింది ఒకటుంది. ఇంటింటికీ వెళ్లినప్పుడు వణుకుతున్న మనిషినో, పగలంతా మంచాన ఉన్న మనిషినో చూస్తే "మందు వాడుతున్నారా" అని అడిగి ఊరుకోకండి. "ఎన్నింటికి వేసుకున్నారు, ఎప్పుడు తిన్నారు, ఎవరిచ్చారు" అని అడగండి. మూడు రోజులు అక్షరాలు రాయించండి, ఆ పేజీలతో డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి. చీటీ మీద "మూడు పూటలా" అని రాస్తే గంటలు వేసి ఇవ్వమని అక్కడే నిలబడి అడగండి.